సారాంశానికి జై, అభిప్రాయానికి నై

పరిశోధన చేసేవాళ్లకు సొంత అభిప్రాయాలు ఉండటం ఎంత ప్రమాదమో మన స్కాలర్లకు బాగా తెలుసు. అందుకే చదివిన పేపర్ల జాబితా వేసి ఒక్కోదాని కిందా చిన్న నోట్ పెట్టే అనొటేటెడ్ బిబ్లియోగ్రఫీ రాయమంటే ఎంతో నిగ్రహం పాటిస్తారు. ప్రతి పేపర్ కిందా అందులో ఏముందో నాలుగు వాక్యాల్లో అప్పజెప్పి, దాని గురించి తామేమనుకుంటున్నారో మాత్రం పొరపాటున కూడా బయటపడనివ్వరు. పాము చావదు, కర్ర విరగదు, గైడ్ సంతకం పడిపోతుంది.

ఇంత చక్కటి సంప్రదాయాన్ని కొందరు గిట్టనివాళ్లు చెడగొడుతున్నారు. సారాంశం ఒక్కటే చాలదట. ఆ పేపర్‌ని ఎంతవరకు నమ్మొచ్చో, మన ప్రాజెక్టులో దానికేం పనో కూడా రాయాలట. వీళ్ల ఆగడం ఎలా ఉంటుందో చూడండి.

ఆదిలాబాద్ ఏజెన్సీలో ఆడపిల్లలు ఎనిమిదో తరగతి తర్వాత బడి ఎందుకు మానేస్తున్నారన్నది ఒక అమ్మాయి పీహెచ్‌డీ అంశం అనుకుందాం. బీహార్ సైకిళ్ల పథకం మీద కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ 2017లో ప్రచురించిన పేపర్ ఆమె జాబితాలో ఉంది. దాని కింద ఇలా రాసింది: “బీహార్ ప్రభుత్వం 2006లో ఒక పథకం పెట్టి, తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి డబ్బిచ్చింది. దాని ప్రభావాన్ని రచయితలు పరిశీలించారు. ఆడపిల్లల చేరికలు 32 శాతం పెరిగాయని తేల్చారు. ఈ అధ్యయనం ఎంతో విలువైనది, నా పరిశోధనకు ఎంతగానో తోడ్పడుతుంది.”

ఆ చివరి వాక్యానికి దండం పెట్టాలి. మూల్యాంకనం అడిగితే ‘విలువైనది’ ఉంది, ప్రాజెక్టుతో సంబంధం అడిగితే ‘తోడ్పడుతుంది’ ఉంది. రేపు ఆమె అంశం మార్చుకుని సైకిల్ షాపుల ఆర్థిక స్థితిగతులు తీసుకున్నా ఈ నోట్‌లో ఒక్క అక్షరం దిద్దక్కర్లేదు. ప్రాజెక్టు పేరు మార్చినా నోట్ మారకపోతే అందులో ప్రాజెక్టు లేనట్టేనని గిట్టనివాళ్లు అంటారు. నేనైతే దాన్ని పొదుపు అంటాను.

కానీ ఆమెకు దొరికిన గైడ్ చదివే రకం. “పెరిగింది సైకిళ్ల వల్లేనని ఎలా తెలుసమ్మా? ఆ రోజుల్లో చేరికలు ఎలాగూ పెరుగుతున్నాయి కదా?” అన్నారు. పాపం, దీనికి జవాబు అబ్‌స్ట్రాక్ట్ మళ్లీ చదివితే సరిగ్గా దొరకదు, పేపర్ తెరవాల్సిందే.

తెరిస్తే ఏముంది? రచయితలు ఒక్క బీహార్‌నే చూసి ఊరుకోలేదు. 2000 దాకా బీహార్‌లోనే ఉన్న జార్ఖండ్‌తో పోల్చారు. రెండు చోట్లా ఆడపిల్లల్ని మగపిల్లలతో పోల్చారు. పథకం అందిన వయసువాళ్లను, అప్పటికే ఆ వయసు దాటిన 16, 17 ఏళ్లవాళ్లతో పోల్చారు. పైగా పెరుగుదల ఎక్కువగా కనిపించింది హైస్కూలు మూడు కిలోమీటర్లకు మించి దూరం ఉన్న ఊళ్లలోనే. సైకిల్ ఎక్కడ అవసరమో అక్కడే పనిచేసిందన్నమాట. పేపర్ బలం ఇక్కడుంది, 32 అనే అంకెలో కాదు. బలహీనతా ఉంది. వాళ్లు వాడిన ఇంటింటి సర్వే 2007-08 నాటిది, అంటే పథకం మొదలైన కొద్దికాలానికే. బడిలో ఉన్నారో లేదో అది చెబుతుంది గానీ ఎంత నేర్చుకున్నారో చెప్పదు.

ఇక ఆదిలాబాద్ సంగతి. బీహార్‌లో చాలాభాగం మైదానం. ఏజెన్సీలో చాలామంది ఆడపిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఉండి చదువుకుంటారు. రోజూ బడికి వెళ్లొచ్చే పిల్లకు దూరం ఒక రకం సమస్య, దసరా సెలవులకు ఇంటికొచ్చి మళ్లీ హాస్టల్‌కి వెళ్లని పిల్లకు వేరే రకం సమస్య. కాబట్టి ఆ 32 శాతాన్ని ఇక్కడికి మోసుకురావడం కుదరదు. పనికొచ్చేది దూరాన్ని బట్టి ఊళ్లను విడదీసి చూసే పద్ధతి.

అలా ఆ నోట్ చివరికి ఇలా తయారైంది: “సైకిల్ డబ్బు వల్ల బీహార్‌లో ఆడపిల్లల చేరికలు పెరిగాయని ఈ పేపర్ వాదన. జార్ఖండ్‌తో, మగపిల్లలతో పోల్చారు కాబట్టి, ప్రభావం దూరపు ఊళ్లలోనే ఎక్కువ కాబట్టి వాదన నమ్మదగ్గది. అయితే సర్వే తొలినాళ్లది, చదువు నాణ్యత గురించి చెప్పదు. హాస్టల్ పిల్లలు ఎక్కువున్న ఏజెన్సీకి ఈ ఫలితం వర్తించదు. దూరాన్ని బట్టి ఊళ్లను విడదీసే పద్ధతిని రెండో అధ్యాయంలో వాడతాను. ప్రశ్నావళిలో హాస్టల్ పిల్లల్ని, రోజూ వెళ్లొచ్చేవాళ్లను వేరుచేస్తాను.”

చూశారా దుర్మార్గం! మూడు వాక్యాల్లో ఉన్న సారాంశం ఒక్క వాక్యానికి కుదించుకుపోయింది. బిబ్లియోగ్రఫీలో ఒక నోట్ రాయబోతే ప్రశ్నావళి మార్చాల్సి వచ్చింది. అక్కడితో ఆగిందా? ‘దీంతో నాకేం పని’ అన్న ప్రశ్నకు జవాబు దొరకని పేపర్లను ఆమె ఒక్కొక్కటే కొట్టేసింది. నలభై ఉన్న జాబితా పాతికకు పడిపోయింది. డిపార్ట్‌మెంట్ కమిటీకి మాత్రం నలభై చూపించి తీరాలి. మిగతా పదిహేను ఎక్కణ్నుంచి తేవాలా అని ఇప్పుడు ఆమెకు టెన్షన్. నా సలహా ఒకటే: కొట్టేసినవాటినే మళ్లీ ఎక్కించి, ప్రతిదాని కిందా ‘ఎంతో విలువైనది, ఎంతగానో తోడ్పడుతుంది’ అని రాసేయడం. కమిటీ లెక్కపెడుతుంది గానీ చదవదు.