కవలల సీన్ గురించి

“ఒకే ఫ్రేమ్‌లో ఉన్నా అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు ఎందుకు ముట్టుకోరండీ?”

సినిమాలో ఆ ఇద్దరుగా నటించేది ఒక్క నటే కదా, అది స్ప్లిట్ షాట్ అండీ. కెమెరాను స్టాండ్ మీద కదలకుండా బిగించి, ముందు అక్కగా ఎడమవైపు తీస్తారు. నటి చీర, మేకప్ మార్చుకొచ్చాక చెల్లెలిగా కుడివైపు తీసి, ఎడిటింగ్‌లో రెండు సగాలనూ కలుపుతారు. అతుకు కనపడకుండా గుమ్మమో స్తంభమో ఉన్నచోట గీత పెడతారు. చెయ్యి, చివరికి నీడ కూడా ఆ గీత దాటితే తెగిపోయినట్టు కనిపిస్తుంది. ఈలోగా కిటికీ వెలుతురు మారితే ఇక కలవదు.

అందుకే కౌగిలింతకు డూప్‌నే పెడతారు. ఒకరి ముఖం, మరొకరి వీపు. డూప్ జడ, భుజాల ఎత్తు గమనించండి, తేడా దొరుకుతుంది. నాకైతే అసలు కష్టం చూపుదే అనిపిస్తుంది. ఎదురుగా మనిషి లేకపోయినా సరిగ్గా కళ్లలోకే చూడాలి!