ట్విన్-టి నాచ్ ఫిల్టర్: ఫార్ములా కరెక్టే, లెక్క పూర్తి కాలేదు

ట్విన్-టి నాచ్ అంటే ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర సిగ్నల్‌ని గొయ్యిలా కోసేసే ఫిల్టర్. యాంప్లిఫైయర్‌లో 50 హెర్ట్జ్ హమ్ పోవడానికి దీన్ని కట్టమని వినిపించే సలహా ఇలా ఉంటుంది: "ట్విన్-టి కంటే ఈజీ ఫిల్టర్ లేదు. f = 1/(2πRC)లో వేసుకోండి. పైన 33 కిలో ఓమ్‌లు, 100 నానోఫారడ్లు, గ్రౌండ్‌కి వెళ్లే చోట 15 కిలో ఓమ్‌లు, 220 నానోఫారడ్లు. షాపులో దొరికేవే. 50 హెర్ట్జ్ హమ్ పూర్తిగా పోతుంది, మిగతా సౌండ్ చెక్కుచెదరదు. తర్వాతి స్టేజీ లోడ్‌కి నాచ్ పక్కకు జరుగుతుంది కాబట్టి బఫర్ తప్పనిసరి."

ముందు ఆ విలువల సంగతి చూద్దాం. 33 కిలో ఓమ్‌లు, 100 నానోఫారడ్లకు ఫార్ములా ఇచ్చేది 48.2 హెర్ట్జ్. అయితే అసలు ఇబ్బంది అది కాదు. ఈ సర్క్యూట్‌లో సిగ్నల్ రెండు దారుల్లో వెళ్తుంది. ఒక దారిలో రెండు R, వాటి మధ్య నుంచి గ్రౌండ్‌కి 2C. రెండో దారిలో రెండు C, మధ్య నుంచి గ్రౌండ్‌కి R/2. ఒకే ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర ఈ రెండు దారుల కరెంట్లు సమానంగా, ఎదురెదురుగా వచ్చి రద్దవుతాయి. అలా రద్దు కావాలంటే ఆ 2C నిజంగా రెట్టింపు, ఆ R/2 నిజంగా సగం అయ్యుండాలి. ఫార్ములా ఆ షరతును ముందే ఒప్పేసుకుని లెక్క చెబుతుంది.

ఇక్కడ 200 బదులు 220 పడింది, 10 శాతం ఎక్కువ. 16.5 బదులు 15 పడింది, 9 శాతం తక్కువ. రెండూ ఎదురు దిక్కుల్లో ఉన్నాయి కాబట్టి తేడా 19 శాతం. మిగిలిపోయే సిగ్నల్ సుమారుగా ఈ తేడాలో ఎనిమిదో వంతు, అంటే ఇన్‌పుట్‌లో రెండున్నర శాతం దాకా. ఏ ఫ్రీక్వెన్సీకి తిప్పినా అంతకంటే కిందికి దిగదు. తమాషా ఏమిటంటే రెండు తప్పులూ ఒకదాన్నొకటి సర్దుకోవడంతో గొయ్యి మాత్రం 48 దగ్గరే కనిపిస్తుంది. ఫార్ములా నిజమైందని మనం సంతోషపడతాం.

దీనికి మందు చవకే. 68 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు నాలుగు, 47 నానోఫారడ్ల ఫిల్మ్ కెపాసిటర్లు నాలుగు తీసుకోండి. రెండు రెసిస్టర్లు ప్యారలల్‌లో పెడితే కచ్చితంగా సగం, రెండు కెపాసిటర్లు ప్యారలల్‌లో పెడితే కచ్చితంగా రెట్టింపు. నాచ్ 49.8 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. విడిభాగాలు బాగా సరిపోతే 50 దగ్గర మిగిలేది ఐదువందలో వంతు. మీటర్‌తో కొలిచి దగ్గరగా ఉన్నవి ఏరుకుంటే చాలు. ఇంకా లోతు కావాలంటే R/2 స్థానంలో ఒక ప్రీసెట్, అంటే తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్, పైనున్న ఒక Rకి సిరీస్‌లో ఇంకో ప్రీసెట్ పెట్టి, మార్చి మార్చి తిప్పాలి. ఒక్క ప్రీసెట్‌తో పని కాదు, ఎందుకంటే సరిగ్గా 50 దగ్గర సున్నా రావడానికి తీరాల్సిన షరతులు రెండు.

ఇక "చెక్కుచెదరదు" అన్న మాట. కోత ఎంత సన్నగా ఉందో చెప్పేది క్యూ విలువ, ఉత్త ట్విన్-టికి అది పావు మాత్రమే. 50కి ట్యూన్ చేస్తే సుమారు 12 నుంచి 212 హెర్ట్జ్ దాకా మూడు డెసిబెల్స్‌కి మించి తగ్గిపోతుంది. 100 హెర్ట్జ్ దగ్గర మిగిలేది 35 శాతం. మగగొంతులోని గంభీరమంతా ఆ ప్రాంతంలోనే ఉంటుంది. హమ్‌తో పాటు అదీ పలచబడుతుంది.

దీన్ని సన్నబరచాలంటే అవుట్‌పుట్‌ని ఆప్-ఆంప్ ఫాలోవర్‌కి, అంటే బఫర్‌కి ఇచ్చి, అందులో 90 శాతాన్ని మరో ఫాలోవర్ ద్వారా 2C, R/2ల కింది కొసకి తిప్పి ఇస్తారు. కింది కొస గ్రౌండ్‌కి బదులు అక్కడికి వెళ్తుందన్నమాట. క్యూ 2.5 అవుతుంది, కోత 41 నుంచి 61 దాకే ఉంటుంది. కానీ విడిభాగాల తేడా వల్ల మిగిలే సిగ్నల్ కూడా పది రెట్లవుతుంది. పైన చెప్పిన 33, 15ల సెట్టుతో ఇదే చేస్తే నాచ్ అడుగున ఐదో వంతుకి పైనే మిగులుతుంది. అప్పుడు దాన్ని నాచ్ అనడానికి మొహమాటపడాలి.

బఫర్ సలహా మంచిదే, చెప్పిన కారణమే తప్పు. సరిగ్గా బ్యాలెన్సయిన ట్విన్-టిలో ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర అవుట్‌పుట్‌కి కరెంటే రాదు. కరెంటే లేనప్పుడు లోడ్ పది కిలో ఓమ్‌లైనా, మెగా ఓమైనా సున్నా సున్నాయే, నాచ్ కదలదు. చెడేది మిగతా భాగం. 68 కిలో ఓమ్‌ల సెట్టుకి 10 కిలో ఓమ్‌ల లోడ్ తగిలిస్తే, బాగా తక్కువ ఫ్రీక్వెన్సీలు 136 కిలో ఓమ్‌లు దాటి రావాలి కాబట్టి పదిహేనో వంతుకి పడిపోతాయి. కెపాసిటర్ల దారిలో వచ్చే పై ఫ్రీక్వెన్సీలు మాత్రం దాదాపు అలాగే ఉంటాయి. సౌండ్ కీచుమంటుంది.

నాచ్ ఎక్కడుందో తేల్చుకోవడానికి సిగ్నల్ జనరేటర్‌ని 40 నుంచి 60 దాకా మెల్లగా తిప్పి, అవుట్‌పుట్‌ని స్కోప్‌లో చూడండి. మల్టీమీటర్ ఒక్కదాన్నే నమ్మొద్దు. అడుగుకి చేరాక కూడా అది ఎంతో కొంత చూపిస్తూనే ఉంటుంది, అది జనరేటర్ హార్మోనిక్స్ కావచ్చు. స్కోప్‌లో మిగిలిన అల 100 హెర్ట్జ్‌ది అయితే ఫిల్టర్ తన పని తాను చేసినట్టే. 50 హెర్ట్జ్‌దే అయితే ప్రీసెట్లు ఇంకా తిప్పాలి. యాంప్లిఫైయర్ అసలు హమ్‌ని కూడా ఇలాగే ముందు స్కోప్‌లో చూసుకోవాలి. ఫుల్‌వేవ్ రెక్టిఫైయర్ రిపుల్ 100 హెర్ట్జ్‌లో ఉంటుంది. దానికి 50 హెర్ట్జ్ నాచ్ కట్టినా లాభం లేదు, పవర్ సప్లై ఫిల్టర్ కెపాసిటర్‌ని చూడాలి.