ఉగ్గాణి ప్లేటు, ఇద్దరు పెద్దమనుషులు

"మేము శాతాన్ని ముట్టుకోలేదు." పెట్రోలు పన్నుల మీద టీవీ చర్చలో ఆ మాట అన్నవారి ముఖం చూస్తే, శాతం అంటే ఏదో గుడిలో విగ్రహమని, దాన్ని తాకకుండా ఉండటమే మహా నిష్ఠ అని మీరు కూడా నమ్మేవారు. పక్కన కూర్చున్న రెండో వారు ఊరుకుంటారా? "మేము రూపాయి కూడా పెంచలేదు" అన్నారు. ఒకరు శాతాన్ని ముట్టుకోలేదు, ఇంకొకరు రూపాయిని పెంచలేదు. అయినా పెట్రోలు ధర దానంతట అదే నడుచుకుంటూ 110 దాకా వచ్చేసింది, పాపం ఎవరి ప్రమేయమూ లేకుండా.

ఈ మిస్టరీని ఛేదించడానికి నేను అర్థశాస్త్ర గ్రంథాలేవీ తిరగేయలేదు. అనంతపురం క్లాక్ టవర్ దగ్గర ఒక ఉగ్గాణి ప్లేటు ముందు పెట్టుకుని ఆలోచించాను. మా సీమలో పొద్దున్నే ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ కడుపులో పడితే తప్ప బుర్ర పనిచేయదు.

ప్లేటు ఉగ్గాణి 40 రూపాయలు అనుకోండి. గల్లాపెట్టె పక్కనే ఇద్దరు పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. పెద్దాయన ఢిల్లీ నుంచి వచ్చాడు. "నాది ఒకే మాట. ప్లేటుకు 20. బొరుగులు మంచివా చెడ్డవా, నువ్వు ఎంతకు అమ్ముతున్నావు, అవన్నీ నాకు అనవసరం. ప్లేటు లేచిందా, 20 పడిందా, అంతే" అన్నాడు. పెట్రోలు భాషలో చెప్పాలంటే ఆయన అడిగేది లీటరు మీద వేసే పన్ను. కేంద్రం వసూలు చేసే ఎక్సైజు సుంకం ఇలాంటిదే.

రెండో ఆయన మన రాష్ట్రం వాడే. "నేను అంత మొరటువాణ్ణి కాదు. ధరను బట్టి తీసుకుంటాను, నూటికి 31" అన్నాడు. హోటలాయన సంతోషించి, 40 మీద 31 శాతం అంటే 12.40 అని లెక్క తీశాడు. పెద్దమనిషి నొచ్చుకున్నాడు. "40 మీద కాదు నాయనా, 60 మీద. ఆయన తీసుకున్న 20 కూడా ధరలో భాగమే కదా?"

"అయ్యా, ఆ 20 నాకు రాలేదు కదా!"

"నీకు రాకపోతేనేం, దాని మీద నాకు 6.20 వస్తుంది."

60 మీద 31 శాతం 18.60. అక్కడితో లేచి వెళ్లాడా? లేదు. "ధర పడిపోతే నా శాతం కూడా పడిపోతుంది. అందుకని కాపలాగా ప్లేటుకు ఇంకో 4 రూపాయలు" అన్నాడు. అదీ ఇచ్చాక చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగి, "నువ్వు హోటలుకు వచ్చే రోడ్డు కోసం ఒక రూపాయి" అన్నాడు. 40 రూపాయల ఉగ్గాణి బల్ల మీదికి వచ్చేసరికి 83.60 అయింది. ఆ రోడ్డు మీద గుంతలు మాత్రం ఉచితం.

నేను కల్పించింది ఉగ్గాణిని మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, దానిపై లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు 1 రూపాయి. కేంద్ర సుంకం 2022 మే తర్వాత 19.90 ఉండేది, 2025 ఏప్రిల్‌లో ఇంకో 2 చేరింది. లెక్క తేలికగా ఉండాలని 20 అన్నాను, బంకు యజమాని కమీషన్ వదిలేశాను.

ఇప్పుడు బొరుగుల ధర పెరిగి ప్లేటు 60 అయిందనుకోండి. పెద్దాయనకు అదే 20. రెండో ఆయనకు 80 మీద 31 శాతం, అంటే 24.80. పైన ఆ అయిదు కలిపితే మొత్తం 109.80. వంటింట్లో పెరిగింది 20 అయితే బల్ల మీద పెరిగింది 26.20. మధ్యలో ఆ 6.20 కోసం ఎవరూ జీవో ఇవ్వలేదు, శాసనసభలో ఎవరూ చేయి ఎత్తలేదు. అందుకే అంత ధైర్యంగా "ముట్టుకోలేదు" అనగలిగారు. శాతం పన్నులో ఉన్న సుఖమే అది. ధర పెరిగితే కూర్చున్న చోటే ఆదాయం పెరుగుతుంది, పాపం మాత్రం ధరది.

అయితే లీటరు పన్ను వేసేవాడు సాధువా? ధర పెరిగినా ఆయన 20 మారదు, నిజమే. 83.60లో దాదాపు నాలుగో వంతున్న ఆయన వాటా 109.80లో అయిదో వంతు కన్నా కాస్త తక్కువకు వచ్చింది. దీన్నే త్యాగంగా చెప్పుకుంటారు. కానీ అసలు కథ ధర తగ్గినప్పుడు మొదలవుతుంది. ప్లేటు మళ్లీ 40కి దిగిందనుకోండి. బల్ల మీద 26.20 తగ్గాలి కదా? పెద్దాయన రాత్రికి రాత్రి తన 20ని 40 చేస్తాడు. 40, 40 కలిపితే మళ్లీ 80, దాని మీద మళ్లీ 24.80, మళ్లీ 109.80. రెండో ఆయన వేలు కదపకుండానే పాత ఆదాయం నిలబెట్టుకున్నాడు. బయట ఇద్దరూ తిట్టుకుంటారు, గల్లాపెట్టె దగ్గర మాత్రం వాళ్ల కన్నా అన్యోన్య దంపతులు లేరు.

2014 నవంబరు నుంచి 2016 జనవరి దాకా ముడి చమురు ధర పడిపోతుంటే కేంద్రం తన ఎక్సైజు సుంకాన్ని తొమ్మిది సార్లు పెంచింది. 2020 ఏప్రిల్ 20న అమెరికాలో ముడి చమురు ధర సున్నా కన్నా కిందికి పోయింది. మే మొదటి వారంలో, ఊళ్లన్నీ తాళం వేసుకుని, వలస కూలీలు పిల్లల్ని భుజాన వేసుకుని హైవేల మీద నడుస్తున్న రోజుల్లో, పెట్రోలుకు 10, డీజిలుకు 13 రూపాయలు ఒక్క రాత్రిలో వేశారు. బంకులో ధర మారదు, కంగారు పడకండి అని ఓదార్చారు కూడా! మారకపోవడమే కదా దోపిడీ? తగ్గాల్సిన ధరను తగ్గనివ్వకపోవడాన్ని "పెంచలేదు" అని చెప్పడానికి నోరెలా వచ్చింది? జూన్ 7 నుంచి ధర మళ్లీ రోజూ ఎక్కడం మొదలైంది. ఉల్లి ధర పడిపోయినప్పుడు కర్నూలు మార్కెట్ యార్డులో రైతు బస్తాలు పారబోసి వెళ్లిపోతాడు. ఆయన పంటకు శాతమూ లేదు, లీటరూ లేదు, కాపలా నాలుగు రూపాయలూ లేవు. ఆ బస్తాలు మోసుకొచ్చిన ట్రాక్టరు డీజిలుకు మాత్రం అన్నీ ఉన్నాయి.

రాష్ట్రం ఏడుపులో కొంత న్యాయం లేకపోలేదు. కేంద్ర సుంకం 19.90 ఉన్నప్పుడు అందులో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన మూల సుంకం 1.40 మాత్రమే, మిగతాదంతా సెస్సులు, సర్‌చార్జీల పేరుతో ఢిల్లీలోనే ఉండిపోయేది. కాబట్టి రాష్ట్రం తన శాతాన్ని గట్టిగా పట్టుకుంది. కోపం ఢిల్లీ మీద, పట్టు మన జేబు మీద.

తగ్గించినప్పుడు జరిగే వింత కూడా చూడండి. 2022 మేలో కేంద్రం పెట్రోలుపై 8 తగ్గించింది. ఆ 8 మీద రాష్ట్రం వేసే 31 శాతం, అంటే 2.48, దానంతట అదే పోయింది. మొత్తం 10.48 దిగింది. రాష్ట్రం ఏ నిర్ణయమూ తీసుకోలేదు కాబట్టి "మేమూ తగ్గించాం" అనుకోవచ్చు, "మేము నష్టపోయాం" అనీ అనుకోవచ్చు, సభను బట్టి.

బంకు రసీదులో ఇదేమీ కనపడదు, లీటరు ధర, లీటర్లు, మొత్తం అంతే. మీరే వెనక్కి లెక్కేసుకోవాలి. 109.80 నుంచి ముందు 5 తీసేయండి, 104.80. దాన్ని 1.31తో భాగించండి, 80. కేంద్రం 20 తీసేస్తే చమురు ధర 60. నేను ఈ లెక్కను బంకు కుర్రాడికి నాజిల్ ట్యాంకులో ఉండగానే చెప్పాను. అతను శ్రద్ధగా విని, "సార్, మీది ఎటూ బళ్ళారి ప్రయాణమే కదా, ఇక్కడ వంద రూపాయలకు చాలించి, మిగతాది సరిహద్దు దాటాక కొట్టించుకోండి" అన్నాడు.