పాలసీ కాగితం చేతిలో ఉంది, పాలసీ మాత్రం లేదు

మా బావ చిన్న గూడ్స్ బండి నడుపుతాడు. గత ఏడాది జూన్ 3న బీమా రెన్యువల్‌కి చెక్కు రాసి ఏజెంటు చేతికిచ్చాడు. మర్నాటి నుంచి ఏడాది కాలానికి పాలసీ వచ్చింది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి డాష్‌బోర్డులో భద్రపరిచాడు. జూన్ 9 రాత్రి బండి డివైడరును ఢీకొంది. దేవుడి దయ, ఎవరికీ దెబ్బలు తగలలేదు. కాని ముందు భాగం నుజ్జయింది, మరమ్మతుకు లక్షా పన్నెండు వేలు అవుతుందన్నారు.

క్లెయిమ్ వేస్తే వచ్చిన జవాబు: మీ చెక్కు 7వ తేదీనే తిరిగొచ్చింది, కాబట్టి మీ పాలసీ మొదటి నుంచీ లేనట్టే. ఖాతాలో డబ్బుంది. సంతకం కలవలేదట. ఏళ్ల క్రితం బ్యాంకులో పెట్టిన సంతకం వేరు, ఇప్పుడు చెక్కుల మీద హడావిడిగా గీకే సంతకం వేరు.

“పాలసీ నా చేతిలోనే ఉంది కదరా, లేదంటారేమిటి?” అని బావ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు 1938 నాటి బీమా చట్టంలో, 64వీబీ సెక్షన్‌లో ఉంది. ప్రీమియం ముందుగా అందకుండా బీమా సంస్థ రిస్కు తీసుకోకూడదు. చెక్కు ఇస్తే, అది నగదైన పక్షంలో, ఇచ్చిన రోజు నుంచే రక్షణ ఉన్నట్టు లెక్క. నగదు కాకపోతే ప్రీమియం అందలేదన్నమాట. పాలసీలో చిన్న అక్షరాల్లో “చెక్కు నగదు కావడానికి లోబడి” అని రాసేది ఇందుకే. మనలో ఎంతమంది చదువుతాం? నేనూ చదవను.

బావ వినియోగదారుల కమిషన్‌కు వెళ్తానన్నాడు. సీమా మల్హోత్రా కేసు గురించి చెప్పి ఆపాను. అక్కడ కారు యజమాని 1993 డిసెంబరు 21న చెక్కు ఇచ్చాడు. పాలసీ వచ్చేలోగా తాత్కాలిక రుజువుగా కవర్ నోటు ఇచ్చారు. 31న ప్రమాదం జరిగి ఆయన చనిపోయాడు, కారు పాడైంది. చెక్కు చెల్లలేదని బ్యాంకు చెప్పింది జనవరి 10న. అంటే ప్రమాదం నాటికి ఆ సంగతి బీమా సంస్థకూ తెలియదు. అయినా కారు నష్టం కట్టనక్కరలేదని 2001లో సుప్రీంకోర్టు తేల్చింది. నువ్వు డబ్బిస్తానన్న మాట నిలవనప్పుడు, వాళ్లు నష్టం పూరిస్తామన్న మాట వాళ్లను కట్టిపడేయదని దాని సారం. కఠినమే అయినా నాకు తప్పనిపించదు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. బావ బండి డివైడరుకు బదులు ఒక మనిషిని ఢీకొట్టి ఉంటే కథ మరోలా ఉండేది. లక్ష్మమ్మ కేసులో బస్సు పాలసీ 2004 ఏప్రిల్ 16న మొదలైంది, ప్రమాదం మే 11న, చెక్కు చెల్లలేదని పాలసీ రద్దు చేసింది మే 13న. అంతవరకూ పాలసీ ఉందని లోకానికి చూపించింది మీరే కనుక, చనిపోయిన వ్యక్తి కుటుంబానికి పరిహారం కట్టాల్సిందేనని 2012లో అదే కోర్టు సంస్థకు చెప్పింది. ఆ డబ్బును తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవచ్చు. అంటే రోడ్డు మీది మూడో మనిషికి రక్షణ ఉంది, చెక్కు రాసిన మనకు లేదు. అదే రద్దు సంగతి ప్రమాదానికి ముందే యజమానికి చేరి ఉంటే ఆ బాధ్యత కూడా సంస్థ మీద ఉండదు. 2007 నాటి దెద్దప్ప తీర్పు అలాంటిదే. అక్కడ రద్దయిన మూడు నెలలకు ప్రమాదం జరిగింది. అయినా బాధితుల మీద జాలితో, ముందు మీరు కట్టి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోండని కోర్టు తన ప్రత్యేకాధికారంతో సంస్థను ఆదేశించింది.

ఫోనులో కడుతున్నాం, మాకేం భయం అనుకునేవాళ్లకు ఒక మాట. ఖాతాలో డబ్బు కట్ అయినంత మాత్రాన అది బీమా సంస్థకు చేరినట్టు కాదు. మధ్యలో ఆగి నాలుగు రోజులకు వెనక్కి వచ్చిందంటే మీరు ప్రీమియం కట్టలేదు, అంతే. తిరిగొచ్చిన డబ్బు చూసి “హమ్మయ్య” అనుకుంటాం. నిజానికి భయపడాల్సింది అప్పుడే. మళ్లీ కడితే రక్షణ కట్టిన రోజు నుంచే, పాత తేదీ నుంచి కాదు. కాబట్టి చెక్కు ఇచ్చిన వారానికి ఒకసారి పాస్‌బుక్ చూడండి. ఆ మొత్తం ఖర్చు వైపు కనబడి, మళ్లీ జమ వైపు కనబడితే ఆ రోజే బండి ఆపేయండి.

చట్టంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ సంస్థ పద్ధతితోనే. పది రూపాయల టీ తాగినా బ్యాంకు నా ఫోనుకు సందేశం పంపుతుంది. ప్రీమియం గడువు దగ్గరపడితే ఇదే సంస్థ బావకు రోజుకు రెండుసార్లు ఫోను చేసింది. చెక్కు తిరిగొచ్చిన సంగతి మాత్రం మామూలు పోస్టులో, ఆయన ఖాళీ చేసిన పాత అద్దె ఇంటికి పంపింది. ఆ ఉత్తరం మా చేతికి వచ్చేసరికి జూన్ 21.