దుప్పటి మీద మనిషి పడుకోరాదు

దుప్పటి మీద మనుషులు పడుకునే దురాచారం మన దేశంలో ఇంకా కొనసాగుతోంది. ఆన్‌లైన్‌లో దుప్పట్లు అమ్మే ఏ ఫొటో చూసినా సంగతి అర్థమవుతుంది. మంచం ఉంటుంది, పొద్దుటి ఎండ ఉంటుంది, మెత్తటి మడతలుంటాయి, తెల్లటి దుప్పటి మీద నిండుగా కాఫీ కప్పు ఉంటుంది. మనిషి మాత్రం ఉండడు. ఆ కప్పు పెట్టినవాణ్ణి ఆ ఇంటి ఇల్లాలు ఏం చేసిందో మనం ఊహించుకోవాలి.

మా బావమరిది పెడనలో కలంకారీ అచ్చు వేసిన దుప్పట్లు అమ్ముతాడు. ఫొటోగ్రాఫర్‌కి డబ్బు దండగని, బొమ్మలు గీసే ఏఐకి ప్రాంప్ట్ రాసిపెట్టమని నన్ను పట్టుకున్నాడు. "బావా, నువ్వు రాస్తావు కదా" అన్నాడు. రాసేవాడికి ఇంట్లో దొరికే మర్యాద ఇంతే. రాశాను.

```
luxury bedroom, golden morning sunlight, soft folds,
floral block print bedsheet, coffee cup on bed
```

బొమ్మ అదిరిపోయింది. మంచం అడ్డంగా నాలుగంటే నాలుగు పెద్ద పువ్వులు. ఆర్డర్లు వచ్చాయి, వాటి వెనకే దుప్పట్లూ తిరిగొచ్చాయి. ఒకావిడ టేపు పెట్టి కొలిచి మరీ, పువ్వులు బొమ్మలో కంటే చిన్నవని ఫోన్ చేసింది.

ఆవిడ లెక్క తప్పు కాదు. మావాడి అచ్చు తొమ్మిది అంగుళాల చదరం. దుప్పటి 90 అంగుళాల వెడల్పు, 108 అంగుళాల పొడవు. అంటే అడ్డంగా పది అచ్చులు, నిలువుగా పన్నెండు. ఒక్కో రంగుకీ 120 సార్లు చెయ్యెత్తి కొట్టాలి. మంచం వెడల్పు 60 అంగుళాలు కాబట్టి పైన కనిపించేవి ఆరున్నర పువ్వులకు కాస్త ఎక్కువ, మిగిలినవి పక్కలకు వేలాడతాయి. బొమ్మలో నాలుగే ఉన్నాయంటే, పువ్వు పదిహేను అంగుళాలన్నమాట. అంత అచ్చు కొట్టాలంటే మావాడు ముందు జిమ్‌లో చేరాలి.

రంగు సంగతి ఇంకో తమాషా. బంగారు వెలుగు అన్నాను కదా, నీలిమందు నీలం బూడిద రంగులోకి దిగింది, ఎరుపు నారింజకి తిరిగింది. సూర్యుడు ఎడమ కిటికీలోంచీ కుడి కిటికీలోంచీ ఒకేసారి ఉదయించాడు. మడతల నీడలు ఎవరికి తోచిన వైపు అవి పడ్డాయి. మడత లోపలికి వెళ్లిన పువ్వు సగం కనబడకుండా పోవాలి కదా, ఇక్కడ ముడత మీద కూడా పువ్వు ఇస్త్రీ చేసినట్టు పూర్తిగా కూర్చుంది.

కాబట్టి సవరించాను. వెలుగు ఎడమ నుంచి మాత్రమే, తెల్లగా ఉండాలి, మడతలు కాళ్ల వైపు ఉండాలి, పరుపు మీద ఏడు పువ్వులుండాలి అన్నాను. వెలుగు విన్నది. పువ్వులు ఒకసారి ఐదొచ్చాయి, ఇంకోసారి తొమ్మిదొచ్చాయి. దానికి అంగుళం తెలీదు, లెక్క అంతంతమాత్రం. పక్కపక్క పువ్వుల్ని పెద్దవి చేసి చూస్తే ఒకదానికి ఐదు రేకులు, ఇంకోదానికి ఏడు. అచ్చులో అది జరగదు. మావాడి చెక్క అచ్చులో కుడి ఆకు మొన కాస్త చిట్లింది. ఆ చిట్లు ప్రతి తొమ్మిది అంగుళాలకూ అదే చోట వస్తుంది. రంగు ఎక్కువ తక్కువ కావచ్చు, అచ్చు వెంట్రుకవాసి పక్కకి జరగచ్చు, చిట్లు మాత్రం మారదు. బొమ్మ నిజమో కాదో తేల్చుకోవాలంటే అందం చూడక్కర్లేదు, చిట్లు వెతికితే చాలు.

చివరికి పువ్వులు అడగడమే మానేశాను. ఖాళీ తెల్ల దుప్పటి పరిచిన మంచం, ఎడమ కిటికీ, కాళ్ల వైపు మడతలు, అంతే అడిగాను. అది చక్కగా ఇచ్చింది. అసలు దుప్పటిని నీడలో చదునుగా పరిచి, పక్కన టేపు పెట్టి, నిటారుగా పైనుంచి ఫొటో తీయించాను. ఫొటోషాప్‌లో ఆ గుడ్డని, మంచం అరవై అంగుళాలన్న కొలతకి తగ్గించి, మంచం వాలుకి వంచి, తెల్ల దుప్పటి మీద `Multiply`లో వేస్తే మడతల నీడలు పువ్వుల మీదకి వచ్చాయి. `Displace` వాడితే గీతలు ముడత వెంట వంగాయి. లోతు మడతల దగ్గర మాత్రం చేత్తో కత్తిరించాల్సి వచ్చింది, ఓ పూట పట్టింది.

ఆరున్నర పువ్వులు, అసలు నీలం, ఒకే సూర్యుడు. మావాడికి చూపించాను. ఫోన్‌లో రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"బాగుంది గానీ బావా, ఆ ఆకు చిట్లు చెరిపేయకూడదూ?"