సవరణ: పుట్టలోని చెదలకు ప్రోటోజోవా ఉండదు

“మాస్టారూ, చెదపురుగు పేగులో ప్రోటోజోవా అనే ఏకకణ జీవి కర్రను అరిగిస్తుందని రాశారు. మా పర్లాకిమిడి పొలంగట్టు మీద పుట్టలోని చెదలకీ అంతేనా? వానలకి అక్కడ పుట్టగొడుగులు ఎందుకు లేస్తాయి?”

కాదండీ, కలిసి బతికే జీవుల మీద నేను రాసిన వ్యాసంలో ఆ మాట తప్పు. చెదలన్నిటినీ ఒకే గాటన కట్టేశాను. ప్రోటోజోవాతో బతికేవి కొన్ని పాత కుటుంబాల చెదలు మాత్రమే. వాటి పేగులో ప్రోటోజోవాను చంపేస్తే, ఆ చెద కర్ర తింటూనే ఆకలితో చచ్చిపోతుంది. ఒంటి పొర విడిచినప్పుడల్లా పేగులోవి కూడా పోతాయి, తోటి చెదల మలద్వారం నుంచి వచ్చే ద్రవం తాగి మళ్లీ తెచ్చుకోవాలి.

మన గట్ల మీద పుట్టలు కట్టేది ఎక్కువగా ఒడాంటోటెర్మిస్ జాతి. దీని పేగులో బాక్టీరియా ఉంటుంది, కానీ పీచును అరిగించే పెద్ద పని పేగు బయటే, ఒక బూజు చేతుల్లో జరుగుతుంది. చెద ఎండుటాకులూ పుల్లలూ నమిలి, సగం అరిగిన మలాన్ని స్పాంజిలాంటి గడ్డగా పేరుస్తుంది. దాని మీద టెర్మిటోమైసిస్ అనే బూజు పెరిగి పీచును మెత్తబరుస్తుంది. చిన్న కూలిచెదలు బూజు మీది తెల్లటి గింజల్లాంటి ముద్దల్ని తింటాయి. వాటిలోని బీజాలు అరగకుండా మలంతో కొత్త గడ్డ మీద పడి మొలుస్తాయి. బాగా పాతబడిన గడ్డను పెద్ద చెదలు తినేస్తాయి.

వానలకు లేచే గొడుగు ఆ బూజు కాయే. కాడను తెంపకుండా నెమ్మదిగా తవ్వితే, అది వేరులా కిందికి సాగి ఆ గడ్డను చేరడం కనిపిస్తుంది.

ఆ వ్యాసంలోనే క్లౌన్‌ఫిష్ అనే చేప గురించి రాసిన భాగంలో మార్పు లేదు. పశువుల మీద వాలి పిడుదులు తినే ఆఫ్రికా పక్షి ఆక్స్‌పెకర్ విషయంలో ఒక్కమాట కలపాలి: అది పిడుదులతో ఆగదు, పశువు పుండును పొడిచి నెత్తురూ తాగుతుంది.