సవరణ: మడమల మీద నడక, ఎల్4 ఒక్కటే కాదు

"మడమల మీద నడవలేకపోతే ఎల్4 అని మీ పోస్టులో ఉంది. మా వరంగల్ క్లాసులో ఎల్5 అన్నారు. ఏది రాయాలి సార్?"

నడుము దగ్గర వెన్ను నుంచి కాలికి వచ్చే నరాల మూలాల్లో పాదాన్ని పైకెత్తేవి ఎల్4, ఎల్5 రెండూ. బొటనవేలు ఒక్కదాన్ని ఎత్తేది ముఖ్యంగా ఎల్5, అందుకే దాన్ని విడిగా చూడాలి. స్పర్శకు మోకాలి కింద కాలి లోపలి వైపు ఎల్4, బొటనవేలు ఎల్5, చిటికెనవేలి అంచు ఎస్1 అని గుర్తుంచుకోండి.

అయితే పాదం వాలిపోతే నేరుగా వెన్ను మీదికి పోవద్దు. నర్సంపేట వైపు పత్తి చేలో గంటల తరబడి గొంతుక్కూర్చుని కలుపు తీసిన మనిషికి మోకాలి బయటి పక్కన పెరోనియల్ నరం నొక్కుకుపోవచ్చు. అప్పుడూ బొటనవేలు లేవదు. పాదాన్ని లోపలికి తిప్పమనండి. బలంగా తిప్పితే తేడా పెరోనియల్ నరంలో ఉండొచ్చు, అదీ బలహీనమైతే ఎల్5ను అనుమానించాలి. అలా తిప్పమనే ముందు వాలిన పాదాన్ని మీరే ఎత్తి పట్టుకోండి, లేదంటే మంచి కండరం కూడా బలహీనంగా కనిపిస్తుంది.